కామాల నుండి గడులకు

విశ్వవిద్యాలయం నుండి పాఠ్యప్రణాళిక మా చేతికి ఎప్పుడూ పేరాల రూపంలోనే వస్తుంది. మొదటి సెమిస్టరులో మేము బోధించే ప్రాచీన కవిత్వ పత్రాన్నే చూడండి. నన్నయ సభాపర్వంలోని రాజనీతి, నన్నెచోడుని దక్షయజ్ఞం, తిక్కన విరాటపర్వంలోని ధౌమ్యుని ఉపదేశం, శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రలో ఒక భాగం, మొల్ల రామాయణంలోని సీతారావణ సంవాదం అని ఐదు యూనిట్లు చెప్పి, చివర "సంధులు, సమాసాలు, ఛందస్సు, అలంకారాలు" అంటూ ఒక్క వాక్యంతో ముగిస్తారు. చదువుకోవడానికి నిండుగానే ఉంటుంది. అయితే ఆగస్టు మూడవ వారంలో ఏ పుట తెరవాలో ఆ పేరా చెప్పదు.

దానిని వారాల పట్టికగా మార్చడమంటే గీతలు గీయడమని కొందరి అభిప్రాయం. గీతలు చివరి పని. మొదటి పని లెక్క. 2024లో మా పట్టిక ఆగస్టు 5, సోమవారంతో మొదలైంది. 15 వారాలు, వారానికి సోమ, మంగళ, గురు, శుక్రవారాల్లో నాలుగు పీరియడ్లు, వెరసి 60. ఇక తీసివేతలు. స్వాతంత్ర్య దినోత్సవం గురువారం, కృష్ణాష్టమి సోమవారం, మీలాదున్నబీ సోమవారం, దీపావళి గురువారం వచ్చాయి. దసరా వారం పూర్తిగా పోయింది. ఆ విధంగా ఎనిమిది పోగా 52. రెండు అంతర్గత పరీక్షలకు నాలుగు తీస్తే 48 మిగిలాయి. గాంధీ జయంతి బుధవారం రావడం వల్ల మాకు నష్టం లేకపోయింది. సెలవుల జాబితాను తేదీలతో గాక మన పీరియడ్లున్న వారాలతో సరిచూడాలని చెప్పడానికే ఇంత వివరం.

తరువాతి పని కామాలను విప్పడం. పేరాలో కామాలన్నీ సమానంగా కనబడతాయి. "సంధులు" అన్న మాటా "అలంకారాలు" అన్న మాటా పక్కపక్కనే కూర్చుంటాయి. కాని ఉత్వ, త్రిక, ద్రుతప్రకృతిక, నుగాగమ సంధులు మొదలుకొని సంస్కృత సంధుల దాకా సూత్రం చెప్పి, ఉదాహరణ విడదీసి, విద్యార్థి చేత మళ్ళీ విడదీయించడానికి మాకు ఐదు పీరియడ్లు పట్టింది. సమాసాలకు మూడు, ఛందస్సుకు నాలుగు, అలంకారాలకు రెండు చాలాయి. పద్యభాగానికి కొలత వేరు. పద్యం చదివి, పదవిభాగం చేసి, ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు చెప్పేసరికి ఇరవై నిమిషాలవుతుంది. కనుక గంటకు మూడు పద్యాలు. నన్నయకు ఏడు పీరియడ్లు కేటాయించాము, ఎందుకంటే మా తరగతిలో ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు చాలామంది ఉంటారు, ప్రాచీన భాషతో వారికది తొలి పరిచయం. శ్రీనాథుని భాగం ద్విపద, నడక వేగం, ఐదు చాలు. మిగిలిన ముగ్గురికీ ఆరేసి. పద్యానికి 30, వ్యాకరణానికి 14, మొత్తం 44. నాలుగు పీరియడ్లు ఖాళీగా ఉంచాము.

వ్యాకరణాన్ని పేరా చివర పెట్టారు గదా అని చివరి వారాలకు నెట్టడం ఉచితం కాదు. పల్నాటి వీరచరిత్ర నడిచే తొమ్మిదవ వారంలోనే ద్విపద లక్షణం పెట్టాము. పాఠంలోని పాదాలనే తీసుకొని విద్యార్థులు గణాలు కట్టారు. ప్రాస లేని ద్విపదను మంజరి అంటారన్న సంగతిని నిర్వచనంగా వల్లించవలసిన అవసరం లేకపోయింది, ఆ పాదాల్లోనే వారికది కనబడింది.

ఖాళీ పీరియడ్ల విషయమై తాడేపల్లిగూడెంలో పనిచేసే మా మిత్రునితో వాదన జరిగింది. వారి ఊరికి సమీపాన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. వ్యవసాయ, ఉద్యాన విద్యలలో పాఠాలకు వరుస సంఖ్యలిచ్చి, ఫలానా సంఖ్య పాఠంలో ఫలానా అంశమని చెప్పే అలవాటు ఉన్నది. "వారాలు దేనికండీ, 1 నుండి 44 దాకా సంఖ్యలు వేయండి. సెలవు వచ్చినా వరుస చెడదు" అన్నారాయన. మాట సబబే. కాని సంఖ్యకు తేదీ ఉండదు. అభ్యాసపత్రం ఎప్పుడివ్వాలో, పరీక్షకు ఎంతవరకు చదవాలో సంఖ్య చెప్పదు. అందువల్ల మేము వారాన్నీ తేదీనీ ఉంచి, వాటి పక్కన పీరియడ్ల సంఖ్యను చేర్చాము. ఆ పట్టికలో నాలుగు వరుసలివి:

| వారం | పీరియడ్లు | తరగతిలో | ముందుగా చదవవలసినది | గడువు |
|---|---|---|---|---|
| 5 (సెప్టెంబరు 2–7) | 4 | దక్షయజ్ఞం ముగింపు 3, సంధులు 1 | దక్షయజ్ఞం చివరి పద్యాలు | – |
| 6 (9–14) | 4 | ధౌమ్యోపదేశం 3, సమాసాలు 1 | విరాటపర్వ కథా సందర్భం | – |
| 7 (16–21) | 3 | ధౌమ్యోపదేశం ముగింపు 3 | మిగిలిన పద్యాలు | అభ్యాసపత్రం, 20 శుక్రవారం |
| 8 (23–28) | 2 | ఖాళీ | వెనుకబడిన పాఠం | పరీక్ష, 26, 27 |

అభ్యాసపత్రం గడువును ఏడవ వారం దాకా జరపడం మా ప్రాంతాన్ని బట్టి చేసిన పని. మా విద్యార్థులలో కైకలూరు, ఆకివీడు వైపు నుండి, కొల్లేటి లంకల నుండి వచ్చేవారు ఉన్నారు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరు కొల్లేటిలో చేరుతుంది. సముద్రానికి పోవడానికి దానికి ఉప్పుటేరే దారి. అందువల్ల ఎగువన వాన వెలసిన తరువాత కూడా లంకల్లో నీరు రోజుల తరబడి నిలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇదే జరిగింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరు వచ్చింది. మాకు ఐదవ వారంలో సోమ, మంగళవారాల తరగతులు పోయాయి. ఆ రెండింటినీ ఎనిమిదవ వారపు ఖాళీలో సర్దాము. మిగతా వరుసలను కదపవలసిన పని లేకపోయింది.

తరగతికి కలిగిన నష్టం తీరింది, లంకల పిల్లలకు కలిగినది వేరు. వారిలో ఒకమ్మాయి పది రోజుల తరువాత వచ్చి, "సార్, నేను రాని రోజుల్లో ఏం చెప్పారండీ అని ఎవరినీ అడగలేదండీ. పట్టిక చూసి దక్షయజ్ఞం చివరిదాకా చదువుకున్నానండీ. సంధి ఒక్కటే అర్థం కాలేదు" అన్నది. ఆ "ఒక్కటే" అన్న మాట మాకు చాలా విలువైనది. ఎక్కడ ఆగిపోయిందో ఆమెకు తెలిసింది, ఎక్కడ అందుకోవాలో మాకు తెలిసింది. "రెండవ యూనిట్ కొనసాగింపు" అని వ్రాసిన గడి ఉంటే ఆమె ఏమి చదివి ఉండేది? పట్టిక పనికివస్తుందో లేదో తేల్చుకోవడానికి మేము పెట్టే పరీక్ష ఇదే: ఏదో ఒక వారాన్ని వేలితో చూపి, ఆ వారం రాని విద్యార్థి ఇంటి వద్ద ఏ పుటలు తెరవాలో గడిలో ఉన్నదా అని చూస్తాము. లేకుంటే అది పేరాను ముక్కలు చేసి గడులలో పోసినదే. పీరియడ్ల వరుసను కూడినప్పుడు 48 రాకపోయినా అంతే.

నిరుటి పట్టికకు తేదీలు మార్చి వాడుకుందామనే ప్రలోభం ఏటా కలుగుతుంది. అది కుదరదు. 2024లో సెప్టెంబరు 16న వచ్చిన మీలాదున్నబీ 2025లో 5వ తేదీకి, సోమవారం నుండి శుక్రవారానికి మారింది. ఆ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది, నెలవంకను బట్టి మరొక రోజు అటూ ఇటూ కావచ్చు. అదే ఏడు దసరా, గాంధీ జయంతి ఒకే గురువారం కలిసి వచ్చాయి. 48 అన్న అంకె 2024దే, దానిని మళ్ళీ లెక్కించుకోవలసిందే.

ఉర్దూ శాఖలోని మా సహాధ్యాపకులు తమ పత్రానికి ఇటువంటి పట్టికే తయారుచేయబూని, మొదట మా నమూనాలో మాటలు మాత్రం మార్చారు. ఉర్దూ కుడి నుండి ఎడమకు చదివే లిపి కాబట్టి పిల్లల చూపు మొదట గడువు మీద పడింది, వారం చివరికి పోయింది. ఆయన గడుల వరుసనంతా తిరగవేసి, వారాన్ని కుడి అంచుకు తెచ్చారు. ఇప్పుడు రెండు పట్టికలూ నోటీసు బోర్డు మీద ఎడమవైపు తెలుగు, కుడివైపు ఉర్దూ చొప్పున పక్కపక్కనే ఉంటాయి. వారాలు చెరొక అంచున, గడువులు రెండూ నడుమ ఆనుకొని ఉంటాయి. ఒకే శుక్రవారం రెండు అభ్యాసపత్రాలు పడితే పిల్లల కంటే ముందు మాకే కనబడుతుంది.