మూత అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో ఎన్ని మాటలు?

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. తెలుగు మీడియంలో పీజీ చేసి, ఇప్పుడు పేపర్ రాసి ఇంగ్లీషులో టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ ఇవ్వాల్సి వచ్చి ఇబ్బంది పడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్న.

పోయిన నెల బోధన్ దగ్గరి తండా నుంచి ఒక చెల్లె నిజామాబాద్‌కు వచ్చింది. ఖలీల్‌వాడిలో ఒక జిరాక్స్ షాపు ముందు కూర్చొని మాట్లాడినం. ఆమె పేపర్ తెలుగులో చాలా బాగుంది. టైటిల్ ఇది: "నిజాం షుగర్స్ మూత – బోధన్ ప్రాంత లంబాడీ కూలీల జీవితాలపై ప్రభావం: ఒక అధ్యయనం". ఇంగ్లీషు అనువాదం ఒక డీటీపీ సెంటర్ల చేయించిందట. అందులో "క్లోజర్" ఉంది, "కూలీస్" ఉంది, "ఇంపాక్ట్" ఉంది. పత్రిక వాళ్లు పేపర్ తిప్పి పంపారు. "నా ఇంగ్లీషు బాగలేదన్నా" అని ఏడుపు ముఖం పెట్టింది.

నేను చదివి చూసిన. ఇంగ్లీషు గ్రామర్ బాగానే ఉంది. తప్పంతా వేరే చోట ఉంది. తెలుగులో ఒక్క మాటలో దాక్కున్న మూడు నాలుగు అర్థాల్లో ఏది తనదో ఎవరూ ఆమెను అడగలేదు. అనువాదం చేసేటోడు అడగలేదు, ఆమె కూడా తనను తాను అడుగలేదు.

మొదట "మూత" సంగతి. మనం తెలుగులో ఫ్యాక్టరీ మూతపడ్డది అంటే అందరికీ అర్థమైతది. ఇంగ్లీషులో కార్మికుల మీద పేపర్ చదివేటోళ్లకు మాత్రం లే-ఆఫ్, లాకౌట్, రిట్రెంచ్‌మెంట్, క్లోజర్ అనేవి నాలుగు వేర్వేరు సంగతులు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక్కోదానికి విడిగా నిర్వచనం ఉండె. ముడిసరుకు, కరెంటు లేకనో, మిషన్ చెడిపోయో, అలాంటి కారణంతో యజమాని పని ఇవ్వలేకపోతే అది లే-ఆఫ్. అప్పుడు మస్టర్ రోల్‌లో పేరు ఉంటది, ఉద్యోగం పోదు. యజమాని తాత్కాలికంగా గేటుకు తాళం వేసి పని ఆపేస్తే లాకౌట్. శిక్షగా కాకుండా వేరే కారణంతో కార్మికుణ్ణి ఉద్యోగం నుంచి తీసేస్తే రిట్రెంచ్‌మెంట్. ఆ చోటును శాశ్వతంగా మూసేస్తే క్లోజర్. ఏది జరిగిందన్న దాన్ని బట్టి కార్మికుడికి ఏం రావాలో కూడా మారిపోతది.

మరి బోధన్‌లో జరిగింది ఏంది? 2015 డిసెంబర్‌లో యాజమాన్యం ప్రకటించింది లే-ఆఫ్. బోధన్‌తో పాటు మెట్‌పల్లి వైపు ముత్యంపేట, మెదక్ వైపు మంబోజిపల్లి యూనిట్లకు కూడా అదే. కాబట్టి 2015లో జరిగినదాన్ని టైటిల్లో క్లోజర్ అని రాస్తే, ప్రకటనలో లేని మాటను మనం రాసినట్టు. మనకు ఇది చిన్న మాటే. బకాయిల కోసం ఏండ్ల తరబడి తిరిగిన కార్మికుడికి చిన్నది కాదు.

పేరు కూడా చూసుకోవాలె. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీని మనం ఇప్పటికీ నిజాం షుగర్స్ అనే అంటం. అయితే 2002లో మెజారిటీ వాటా ప్రైవేటుకు పోయినంక నడిపింది నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్. 2015 గురించి రాస్తూ పాత కంపెనీ పేరు పెడితే తేదీకీ పేరుకూ పొత్తు కుదరదు. అందుకే టైటిల్లో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ అని స్థలం పేరుతో పెట్టించి, కంపెనీ పేరును అబ్‌స్ట్రాక్ట్‌లోకి పంపించినం.

ఇక అసలు చిక్కు. చెల్లె పేపర్ ఎవరి గురించి? ఫ్యాక్టరీ కార్మికుల గురించి కాదు. చెరకు నరికే కూలీల గురించి. నేను అడిగిన, "వీళ్ల పేర్లు ఫ్యాక్టరీ మస్టర్ రోల్‌లో ఉన్నయా?"

"లేవన్నా. మేస్త్రీ తోలుకపోతుండె. పైసలు మేస్త్రీ చేతుల మీదుగనే."

"మరి అబ్‌స్ట్రాక్ట్‌లో లెయిడ్-ఆఫ్ వర్కర్స్ అని ఎట్ల రాసినవ్?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నది, "మా బాపును ఎవరూ లే-ఆఫ్ చెయ్యలే. చెయ్యనీకి ఆయన పేరే ఎక్కడ లేదు."

ఆమె పేపర్ చెప్పాల్సింది అదే. ఫ్యాక్టరీ ఆగితే రోల్‌లో ఉన్నోళ్లకు కనీసం ఒక పేరైనా ఉంది, లే-ఆఫ్ అని. దాన్ని పట్టుకొని అడిగే హక్కు ఉంది. చెరకు నరికినోళ్లకు పని పోయింది గాని ఆ పోవడానికి చట్టంలో పేరు కూడా లేదు. తెలుగులో "మూత వల్ల పని కోల్పోయిన కూలీలు" అంటే ఈ ఇద్దరూ ఒకే మాటలో కలిసిపోయారు. ఇంగ్లీషులో విడదీయక తప్పలేదు, విడదీస్తేనే ఆమె కనుక్కున్నది కనబడ్డది.

"కూలీ" మాట దగ్గర ఇంకో జాగ్రత్త. మనకు కూలీ అంటే రోజు పని చేసుకునేటోడు, అందులో అవమానం లేదు. అదే మాట ఇంగ్లీషులోకి పోయి వలస పాలన కాలంలో తిట్టు లాంటిదైంది. పరిశోధన పేపర్లో మన తల్లిదండ్రుల్ని ఆ మాటతో రాయొద్దు. వ్యవసాయ కూలీ అయితే అగ్రికల్చరల్ లేబరర్, చెరకు నరికేటోళ్లు అయితే కేన్ కట్టర్స్ లేదా కేన్-కటింగ్ లేబరర్స్. తండాను మాత్రం హామ్లెట్ అని మార్చకుండా తండా అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు లంబాడాల నివాసం అని ఒక్క ముక్కలో చెప్తే చాలు.

తర్వాత "ప్రభావం". మన తెలుగు టైటిళ్లలో సగం దాంతోనే నడుస్తయి. దాన్ని ఇంపాక్ట్ అని మార్చంగనే పేపర్ ఒక పెద్ద మాట ఇచ్చినట్టయితది: ఈ మార్పుకు కారణం ఇదే అని. అట్ల చెప్పాలంటే ఫ్యాక్టరీ ఆగకముందు లెక్కలు, ఆగినంక లెక్కలు ఉండాలె, ఫ్యాక్టరీతో సంబంధం లేని తండాలతో పోలిక ఉండాలె. చెల్లె చేసింది వేరు. మూడు తండాల్లో 60 కుటుంబాలతో కూర్చొని, అప్పుడెట్ల ఉండె, ఇప్పుడెట్ల ఉంది అని అడిగి రాసుకుంది. అది మంచి పనే. దానికి సరిపోయే మాట "రిపోర్టెడ్ ఛేంజెస్", అంటే వాళ్లు చెప్పిన మార్పులు. "వల్ల" అనే చోట "ఆఫ్టర్" పెట్టినం. అది కాలాన్ని మాత్రమే చెప్తది, కారణాన్ని మోయదు.

అట్ల కొత్త టైటిల్ ఇదైంది: "రిపోర్టెడ్ ఛేంజెస్ ఇన్ వర్క్ అండ్ మైగ్రేషన్ అమాంగ్ లంబాడా కేన్-కటింగ్ హౌస్‌హోల్డ్స్ ఆఫ్టర్ ది 2015 షట్‌డౌన్ ఆఫ్ ది బోధన్ షుగర్ ఫ్యాక్టరీ, తెలంగాణ, ఇండియా". షట్‌డౌన్ అనేది నేను ఇందాక చెప్పిన నాలుగు చట్టం మాటల్లో లేదు. ఆగిపోయింది అని మాత్రమే చెప్తది, అందుకే టైటిల్‌కు పనికొస్తది. యాజమాన్యం ప్రకటించింది లే-ఆఫ్ అనే సంగతి అబ్‌స్ట్రాక్ట్ మొదటి వాక్యంలో పెట్టినం. "ఒక అధ్యయనం" తీసేసినం. పేపర్ అంటేనే అధ్యయనం గదా. "జీవితాలు" పోయి పని, వలస వచ్చినయి, ఎందుకంటే ఆమె అడిగింది ఆ రెండే.

అబ్‌స్ట్రాక్ట్‌లో రెండు చోట్ల నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. తెలుగులో "ఉద్దేశపూర్వక నమూనా పద్ధతిలో 60 కుటుంబాలు" అని ఉంది. డీటీపీ అనువాదంలో అది "ఇంటెన్షనల్ మోడల్" అయింది. నమూనా అంటే మోడల్ కూడా, శాంపిల్ కూడా. ఇక్కడ శాంపిల్. ఉద్దేశపూర్వకం అంటే కోర్టు భాషలో ఇంటెన్షనల్, పరిశోధనలో పర్పసివ్. 2015కు ముందు ఒక్కరైనా చెరకు నరికిన ఇండ్లనే ఆమె ఏరుకుంది కాబట్టి అది "పర్పసివ్ శాంపిల్". చీటీలు తీసినట్టు ఎంచుకొని ఉంటే యాదృచ్ఛిక నమూనా, అంటే ర్యాండమ్ శాంపిల్ అయ్యేది. ఈ ఒక్క మాటతోనే చదివేటోడు ఆమె ఫలితాలు మొత్తం జిల్లాకు వర్తిస్తయా లేదా అని తేల్చుకుంటడు.

రెండోది "గిట్టుబాటు ధర లేక రైతులు చెరకు వదిలి వరికి మళ్లారు". అనువాదంలో మినిమమ్ సపోర్ట్ ప్రైస్ అని పడ్డది. వరికి ఉండేది అది. చెరకుకు కేంద్రం ప్రకటించేది ఎఫ్‌ఆర్‌పీ, అంటే ఫెయిర్ అండ్ రెమ్యునరేటివ్ ప్రైస్. 2009-10 సీజన్ నుంచి అది వచ్చింది. అంతకుముందు స్టాట్యుటరీ మినిమమ్ ప్రైస్ ఉండె. ఇక్కడ గిట్టుబాటును రెమ్యునరేటివ్ అని మార్చినా ముప్పే, ఎఫ్‌ఆర్‌పీనే ప్రకటించలేదని చదివేటోడు అనుకుంటడు. "రైతులు అన్నది ఏంది?" అని అడిగితే, "పెట్టిన ఖర్చు ఎల్లలేదన్నరు" అన్నది. అదే రాసినం: వచ్చిన ధర సాగు ఖర్చుకు సరిపోలేదని రైతులు చెప్పారు. ధర పేరు అవసరమే పడలేదు.

సరైన మాట ఎట్ల దొరుకుతది అంటే, నేను చేసేది చెప్త. తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు ఉన్నయి, సబ్జెక్టు వారీగా. నేను వాడినవి ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉన్నయి, తెలుగు మాట పట్టుకొని వెతికితే దొరకదు. అందుకే ముందు రెండు మూడు ఇంగ్లీషు మాటలు ఊహించుకొని, ఒక్కోదాని ఎదురుగ నీ తెలుగు మాట ఉందో లేదో చూడాలె. ఆ తర్వాత గూగుల్ స్కాలర్‌లో ఆ మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలె:

```
"purposive sample" households
"intentional model" households
```

లెక్క చూసి ఆగిపోవద్దు. రెండు మూడు అబ్‌స్ట్రాక్టులు తెరిచి, వాళ్లు ఆ మాటను నీ అర్థంలోనే వాడారా అని చదవాలె. చట్టం మాట అయితే చట్టంలోని నిర్వచనమే చదవాలె, డిక్షనరీ సరిపోదు.

ఆఖరు పరీక్ష ఇంట్లో చేసేది. ఇంగ్లీషు అబ్‌స్ట్రాక్ట్‌ను తెలుగు చూడకుండా మళ్లీ నోటితో మన భాషలో చెప్పాలె, పేపర్ ఎవరి గురించో వాళ్లకు. చెల్లె అట్లనే చేసింది. పాత అనువాదం ప్రకారం చెప్తే వాళ్ల బాపు మధ్యలనే ఆపిండట, "నేను ఫ్యాక్టరీల ఎన్నడు పని చేసిన బిడ్డా?" అని. కొత్తది చెప్తే ఆపలేదట. మొత్తం విని, "మేస్త్రీ సంగతి కూడ రాసినవా?" అని మాత్రం అడిగిండట.

రాయలేదు. ఆ రాత్రే ఒక వాక్యం కలిపింది: ఈ కుటుంబాలను పనికి పెట్టింది మేస్త్రీలు, ఫ్యాక్టరీ రోల్‌లో వీళ్లు లేరు అని. నిన్ననే పేపర్ మళ్లీ పంపింది. జవాబు ఇంకా రాలేదు.