పెడన ఎరుపు

లాగ్ ఫుటేజ్‌ని మొదటిసారి చూసినవాళ్లు "ఇదేంటి, మంచులో తీశారా?" అని అడుగుతారు. అలా అనిపించడంలో తప్పేం లేదు. లాగ్‌లో కెమెరా బొమ్మ చూపించాలని అనుకోదు, దాచిపెడుతుంది. వెలుగు రెట్టింపైన ప్రతిసారీ దాదాపు అన్నే మెట్లు పైకెక్కేలా రాసుకుంటుంది. సోనీ ఎస్-లాగ్3లో 0 నుంచి 1023 స్కేలు మీద మధ్యస్థ బూడిద రంగు 420 దగ్గర, తెల్ల కాగితం 598 దగ్గర ఉంటాయి. ఆ పైనున్న జాగా అంతా ఎండలో మెరిసేవాటికోసం. అందుకే అంతా వెలిసిపోయినట్టు కనబడుతుంది.

విజయవాడలో నేను గ్రేడింగ్ చేసినవాటిలో బాగా గుర్తుండిపోయింది పెడన కలంకారీ మీద ఫ్రెండ్ తీసిన చిన్న డాక్యుమెంటరీ. షెడ్డులో అచ్చులు వేయడం సోనీతో, ఆరుబయట ఆరేసిన గుడ్డలు డ్రోన్‌తో, ఉడకబెట్టే కాగు దగ్గర కొన్ని షాట్లు ఫోన్‌తో తీశాడు. రంగులద్దే పెద్దాయన అతనికి చెప్పిన మాట ఒక్కటే: "బాబూ, ఎరుపు మరీ మెరవకూడదు. మెరిస్తే స్క్రీన్ ప్రింట్ అనుకుంటారు." నా మొత్తం పనికి కొలబద్ద ఆ మాటే.

ముందు ఎక్స్‌పోజర్. నీడల్లో నాయిస్ తగ్గుతుందని మావాడు షెడ్డు షాట్లు కావాలనే ఒక స్టాప్ ఎక్కువగా తీశాడు. వేవ్‌ఫామ్‌లో గ్రే కార్డు 496 దగ్గర కనబడింది. డావిన్చీ రిజాల్వ్‌లో Offset తగ్గించి దాన్ని 420కి దించాను. లాగ్‌లో మొత్తాన్నీ ఒకే మేర జరపడమంటే ఇంచుమించు లెన్స్ ఐరిస్ మూసినట్టే. అందుకే ఈ సవరణ ఎస్-లాగ్3ని మామూలు తెరకు మార్చే Color Space Transform కంటే ముందు నోడ్‌లో ఉండాలి. తర్వాత చేస్తే మెరుపులు అప్పటికే నలిగిపోయి ఉంటాయి.

తర్వాత వైట్ బ్యాలెన్స్. ఇక్కడో ఉచ్చు ఉంది. ఫ్రేమ్‌లో తెల్లగా కనిపించే గుడ్డని చూసి పికర్‌తో క్లిక్ చేయాలనిపిస్తుంది. కానీ అది కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, సహజంగానే పసుపు. దాన్ని తెల్లగా చేస్తే సాఫ్ట్‌వేర్ ఫ్రేమంతటికీ నీలం కలుపుతుంది, పటికతో అద్ది ఆలిజరిన్‌లో ఉడికించిన ఎరుపు మెజెంటా వైపు జారుతుంది. కాబట్టి గ్రే కార్డునే నమ్మాను. పరేడ్‌లో కార్డు దగ్గర నీలం ఎత్తుగా ఉంది, ఎందుకంటే తలుపులోంచి వచ్చేది ఆకాశపు వెలుగు. మూడు రంగులూ ఒకే ఎత్తుకి వచ్చేదాకా నీలం Offset తగ్గించాను. గుడ్డ పసుపు అలాగే ఉండిపోయింది.

కాంట్రాస్ట్‌కి Pivot ముఖ్యం. ఆ విలువ దగ్గర కదలిక ఉండదు, పైవి పైకి, కిందివి కిందికి పోతాయి. డీఫాల్ట్ 0.435. ఎస్-లాగ్3 బూడిద 420ని 1023తో భాగిస్తే 0.41 వస్తుంది. అక్కడ పెడితే కాంట్రాస్ట్ ఎంత పెంచినా ముఖాల వెలుగు పెద్దగా మారదు. సాచురేషన్ జోలికి దాదాపు వెళ్లలేదు. పెద్దాయన భయపడ్డ మెరుపు వచ్చేది అక్కణ్నుంచే.

ఇక డ్రోన్. దాని లాగ్ వేరు, కాబట్టి సోనీ సెట్టింగు దానికి వేయకూడదు. డీ-లాగ్‌ని దాని సొంత ట్రాన్స్‌ఫామ్‌తో మార్చాక, షెడ్డు షాట్‌ని స్టిల్‌గా తీసి వైప్‌తో పక్కపక్కన పెట్టాను. రెండిట్లోనూ ఉన్నది అదే గుడ్డ. ముందు ఎక్స్‌పోజర్, తర్వాత బ్యాలెన్స్, ఆ తర్వాత కాంట్రాస్ట్ కలిపాను. ఈ వరస తప్పితే ఒకటి సరిచేసినప్పుడల్లా మరొకటి చెడుతుంది. అన్నీ కలిశాక కూడా వెక్టర్‌స్కోప్‌లో డ్రోన్ ఎరుపు నారింజ వైపు ఒరిగే ఉంది. దాన్ని Hue vs Hue కర్వ్‌తో కొద్దిగా తిప్పాను. తిప్పింది డ్రోన్ షాట్‌నే, సోనీని కాదు. చర్మం రంగు ఎరుపుకీ పసుపుకీ మధ్యే ఉంటుంది, షెడ్డులో ఎరుపు తిప్పితే మనుషుల ముఖాలూ తిరుగుతాయి. పైనుంచి తీసిన షాట్లో ముఖాలు కనబడవు.

ఫోన్ షాట్లలో రెండు మాత్రం పనికిరాలేదు. అవి లాగ్ కావు. ఎండ పడ్డ గుడ్డలో పరేడ్ ఎరుపు పైన కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. అది దించి చూశాను, మడతలు తిరిగి రాలేదు, అదే చదును కిందికి దిగిందంతే. రికార్డు కాని వివరాన్ని గ్రేడింగ్ పుట్టించలేదు. వాటిని ఎడిట్‌లోంచి తీసేశాం.

పెద్దాయనకి మావాడు క్యాలిబ్రేట్ చేసిన ట్యాబ్‌లో చూపించాడట. ఆయన సినిమా పూర్తయ్యేదాకా ఏమీ అనలేదట. డ్రోన్ షాట్ దగ్గర మాత్రం ఆపమని, "ఇది ఒక్క ఉతుకు తర్వాత గుడ్డ" అన్నాడట. నిజమే, ఆ రోజు ఆరేసినవి కాలవలో జాడించి తెచ్చినవే.