త్యాగం: అరవై వేలు

మా చిన్నాయన పంపిన ఫైల్లో, బడ్జెట్ పట్టిక మూడో వరుసలో ఇలా ఉంది: "కళాకారుల త్యాగం – 60,000."

ఒక విదేశీ సంస్థకు పంపాల్సిన రీసెర్చ్ గ్రాంట్ దరఖాస్తు అది. ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్. కూనపులి వాళ్ళు పద్మశాలీల ఇళ్ళ ముందు పటం కట్టి చెప్పే మార్కండేయ పురాణాన్ని పూర్తిగా రికార్డు చేయాలని, ఆ పటాన్ని ఫొటోలు తీయించాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాడు. ఏ పద్దు ఎందుకో వివరిస్తూ రెండు పేజీలు తెలుగులో రాసి, "ఇంగ్లీషుల రాయిరా, సదివినోడు కాదనకూడదు" అన్నాడు. ఆఫీసులో రోజూ డిజైన్ డాక్యుమెంట్లు రాసే చెయ్యి కదా, ఆదివారం మధ్యాహ్నానికల్లా అయిపోతుందనుకున్నాను.

త్యాగం దగ్గరే ఆగిపోయాను. శాక్రిఫైస్ ఎలాగూ కాదు. ఈ కథల లోకంలో త్యాగం అంటే కథ చెప్పించుకున్న కులం వాళ్ళు కథకులకు ఇచ్చేది. దయతో ఇచ్చే దానం కాదు, కథకులు హక్కుగా అడిగి తీసుకునేది. గిఫ్ట్ అంటే ఆ హక్కు పోతుంది. పైగా బహుమతులకు డబ్బివ్వమని ఆ సంస్థ నిబంధనల్లోనే ఉంది. ఆనరేరియం అంటే సభ చివర శాలువాతో పాటు చేతిలో పెట్టే కవరు గుర్తొస్తుంది. పట్టికలో 'పెర్ఫార్మెన్స్ ఫీ' అని రాసి, కింద వివరణలో త్యాగం అన్న మాటను అలాగే ఉంచి, అదేమిటో ఒక్క వాక్యంలో చెప్పాను.

పేరు కుదిరింది. మరి అంకె? అరవై వేలే ఎందుకో రెండు పేజీల్లో ఎక్కడా లేదు. ఫోన్ చేశాను.

"అంత ఇయ్యాలె గదరా మరి."

"ఎంతమందికి? ఎన్ని రాత్రులు?"

ఐదుగురు, నాలుగు రాత్రులు, మనిషికి రాత్రికి మూడు వేలు. ఊళ్ళో మామూలుగా వచ్చేది ఇంతకన్నా తక్కువేనట. మరి ఎక్కువెందుకని అడిగితే, విసుక్కుంటూనే చెప్పాడు. రికార్డింగ్ కోసం ఆపి ఆపి చెప్పాలి, తెల్లారాక మళ్ళీ కూర్చుని పటంలో ఏ బొమ్మ ఏ ఘట్టమో విప్పి చెప్పాలి, ఆ రోజులకు వేరే ఊరి పిలుపు వస్తే వదులుకోవాలి. నేను వెతుకుతున్న జస్టిఫికేషన్ ఇదే. తెలుగు కాగితంలో దాని బదులు "ఈ మహాకళాకారుల సేవకు వెలకట్టలేము" అని ఉంది. వెలకట్టలేమన్న చోటే వెల అడుగుతున్నాం!

ఆ వాక్యం తీసేయడం తేలికే. కెమెరా దగ్గర నేనే తప్పు చేశాను. ఆయన రాసింది: "మంచి కెమెరా ఒకటి – 1,80,000. ఫొటోలు బాగా రావాలంటే అవసరం." నేను 'మంచి'ని 'ఆర్కైవల్ గ్రేడ్' చేశాను, 'అవసరం'ని 'ఎసెన్షియల్' చేశాను. చదువుకుంటే భలే ఉంది. పటం మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు పైగా పొడవు. ముక్కలుముక్కలుగా తీసి అతకాలి కాబట్టి ఫోన్ కెమెరాతో కాదు, వెలుతురు అంతటా సమానంగా పడాలి. ఇదంతా నిజమే. కానీ మంచి కెమెరా ఎందుకన్నదానికే ఇది జవాబు. కొనడం ఎందుకన్నదానికి కాదు. ఆయన పథకంలో కెమెరాతో పని మొత్తం పది రోజులు. ఆ రకం కెమెరా, లెన్స్ అద్దె రోజుకు 2,500 చెప్పారు. అంటే పాతిక వేలు. నా నున్నటి ఇంగ్లీషు ఆ తేడాను కప్పేసింది. పద్దులు చూసేవాడి కన్ను అక్కడే పడుతుంది, ఆ తర్వాత త్యాగాన్ని కూడా అనుమానంగానే చదువుతాడు.

"పైసలిస్తమంటుంటే తక్కువ అడుగుడేందిరా?" అన్నాడు. కాసేపాగి, పని అయ్యాక ఆ కెమెరా తన దగ్గరే ఉంటుందనుకున్నానని ఒప్పుకున్నాడు. నాకేం అనాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ అరువు కెమెరాలతోనే తిరిగిన మనిషి.

ఇక మిగిలింది "ఇదే ఆఖరి పటం" అన్న మాట. నీకు తెలిసినంతలోనా అని అడిగితే, "నాకు తెలిసినంతల" అన్నాడు. నేను అలాగే, 'మేం తిరిగిన ఊళ్ళలో వాడుకలో కనిపించిన ఒకే పటం' అన్న అర్థంలో రాసి, ఏయే ఊళ్ళు తిరిగాడో పేర్లు చేర్చాను. వరుసగా ఊళ్ళ పేర్లు చూస్తే, 'ఆఖరి' అన్నదానికంటే అదే బలంగా కనిపించింది నాకు. ఆయనకు నచ్చలేదు. "మంచిగనే ఉంది గని, నా రంది లేదురా ఇండ్ల" అన్నాడు.

రెండు రోజుల తర్వాత, నేను అడగకుండానే, తెలుగు కాగితం దిద్ది మళ్ళీ పంపాడు. కెమెరా పక్కన 'అద్దె' అని ఉంది. వెలకట్టలేని సేవ లేదు. మూడో వరుసలో త్యాగం అలాగే ఉంది, పక్కన ఐదుగురు, నాలుగు రాత్రులు, మూడేసి వేలు.