అమ్మ చెప్పిన అంచు

పోయిన సంచిక ముఖచిత్రం నేనే చేశాను. ఎర్రటి తేలియా రుమాల్, మధ్యలో ఏనుగులు. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5లో నాలుగు ముక్కలు టైప్ చేస్తే వచ్చిన బొమ్మ. క్లబ్ గ్రూపులో అందరూ బాగుందన్నారు. నల్లగొండలో ఇంటికి పోయినప్పుడు ఫోన్ తీసి అమ్మకు చూపించాను. అమ్మది పుట్టపాక. మా తాత అక్కడే మగ్గం మీద రుమాళ్లు నేసిండు. అమ్మ పెళ్లయ్యే దాకా ఆసు పోసింది. ఫోన్‌ను కళ్ల దగ్గరికి పట్టుకొని చాలాసేపు చూసి అన్నది:

"ఇది నేసింది గాదు బిడ్డా. అచ్చు గుద్దింది. అంచుకాడ జూడు, కత్తితోని కోసినట్టున్నది."

నిజమే. తేలియా రుమాల్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగు వేస్తారు. అదీ పడుగుకూ, పేకకూ రెండింటికీ. ముడి కింద రంగు కొంచెం పాకుతుంది, మగ్గం మీద నూలు కొంచెం జరుగుతుంది. అందుకే ఏనుగు వీపు గీతలా ఉండదు, చిన్న చిన్న పళ్లలా, తడి ఆరినట్టు ఉంటుంది. నా బొమ్మలో అది లేదు. ఆ అంచు ఏ మాట రాస్తే వస్తుందో కనుక్కోవాలని అప్పుడే అనుకున్నాను.

మొదటి వారం అంతా వృథా. ఒకేసారి మూడు మాటలు మార్చేదాన్ని. బొమ్మ బాగుంటే, మూడింటిలో నాకు నచ్చిన మాటే పని చేసిందని నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. `handwoven` అంటే నేత గరుకు వస్తుందని ఒక పేజీ నిండా రాశాను. తర్వాత చూస్తే సీడ్ -1లో ఉంది. అంటే ప్రతిసారీ కొత్త చుక్కల గందరగోళం నుంచి బొమ్మ మొదలవుతోంది. మాట ఒక్కటీ మార్చకుండా మళ్లీ నొక్కినా వేరే బొమ్మే వచ్చేది. నేను మాట ఫలితం అనుకున్నది ఉత్త అదృష్టం. ఆ పేజీ చింపేశాను.

రెండో వారం రూమ్‌మేట్ లాప్‌టాప్ అడుక్కున్నాను. ఒక్కో బొమ్మకు నిమిషం పైనే పట్టేది. సీడ్, స్టెప్స్ 25, సీఎఫ్‌జీ 7, సాంప్లర్, సైజు అన్నీ కట్టేసి, ఈ వాక్యం పెట్టాను:

```
flat red and black telia rumal cloth, square grid, elephants, photo
```

వెబ్ యూఐలో X/Y/Z plot అనే స్క్రిప్ట్ ఉంది. అందులో Prompt S/R ఎంచుకుంటే మొదటి మాటను వెతికి, తర్వాతి మాటలను ఒక్కొక్కటిగా దాని స్థానంలో పెడుతుంది. ఇంకో వైపు నాలుగు సీడ్లు ఇచ్చాను. ఒక్క సీడ్‌తో చూస్తే మోసపోతాం. ఆ ఒక్క చుక్కల గందరగోళంలోనే ఏదో వంపు ఉండి, మాటకు తోడైందేమో చెప్పలేం. నాలుగింటిలో కనీసం మూడింట్లో కనిపిస్తేనే ఆ మాట పని అని రాసుకోవాలనుకున్నాను.

```
telia rumal, belka ronud, ikat, silk
```

రెండోది నేను కల్పించిన మాట. అర్థం లేదు. మందు పరీక్షల్లో ఉత్త చక్కెర గోళీ ఇస్తారు చూడండి, అలాంటిది. గ్రిడ్ వచ్చాక మొదటి వరుస, రెండో వరుస పక్కపక్కన పెట్టి చూశాను. నవ్వొచ్చింది, కొంచెం బాధా కలిగింది. రెండూ దాదాపు ఒకటే. అదే ఎర్రటి గుడ్డ, అవే ఏనుగులు. అంటే "తేలియా రుమాల్" అన్న మాట అసలు ఏ పనీ చేయట్లేదు. ఎరుపు, నలుపు, గళ్లు, ఏనుగులు అని నేను పక్కన రాసినవే బొమ్మను గీస్తున్నాయి. పోయిన సంచికలో తేలియా రుమాల్ అని వేసుకున్నది బెల్కా రోనుడే.

`ikat` మాత్రం గట్టిగా పనిచేసింది. కానీ మన పని కాదు. వజ్రాకారాలు, మెట్లు మెట్లుగా గీతలు వచ్చి గుడ్డంతా నిండాయి. మూడు సీడ్లలో ఏనుగులు మాయం. `silk` ఇంకో తమాషా. నేను అడిగింది నూలు రకం, అది ఇచ్చింది వెలుతురు. గుడ్డ మడతలు పడింది, మెరిసింది, `flat` అని రాసినా ఒరిగింది. ఒక మాట మనం అనుకున్న చోటే తాకుతుందని లేదు, దాని చుట్టుపక్కల ఫోటోల్లో ఏముంటుందో దాన్నంతా లాక్కొస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు దొరికింది. `square grid` ఏం చేస్తుందో చూడాలని దాన్ని తీసేశాను. గళ్లతో పాటు ఏనుగుల ఆకారం కూడా మారిపోయింది. ఈ మోడల్‌లో వాక్యాన్ని చదివే భాగం ఎడమ నుంచి కుడికి పోతుంది, ప్రతి మాటా తన ముందున్న మాటలను మోసుకొస్తుంది. మధ్యలో ఒకటి పీకేస్తే వెనకున్నవన్నీ జరుగుతాయి, వాటి రంగూ మారుతుంది. ఒక్కటే మార్చాననుకుంటాం గానీ, అన్నీ కదులుతాయి. అప్పటినుంచి తీసేయడం మానేసి, దాని స్థానంలో అంతే పొడవున్న ఉత్త మాట పెట్టాను. పరీక్షించే మాటను వీలైతే చివరకు తెచ్చాను. వెనక ఏమీ లేకపోతే కదిలేది తక్కువ.

ఇక అసలు అంచు. చివరి చోట ఒక్కొక్కటే పెట్టాను. `blurred edges` అంటే గుడ్డ అంచు కాదు, ఫోటో అంచులే మసకబారాయి. `soft` వెలుతురును మెత్తన చేసింది. `feathered` నాలుగింటిలో రెండింట్లో నిజంగానే పక్షి ఈకలు తెచ్చింది. `bleeding dye` ఎరుపును కారబెట్టి, రక్తం మరకలా చేసింది. పదకొండు మాటలు చూశాను. ఏనుగు వీపు మీద పళ్ల అంచు ఒక్కదానితోనూ రాలేదు. అంచు కావాలని ఏ మాట రాసినా బొమ్మ మొత్తానికీ అంటుకుంటోంది. ఆ మోడల్‌కు మాటల దారిలో ఆ అంచు లేదని నేను తేల్చుకున్నాను. కొత్త మోడళ్లలో ఉండొచ్చు, నేను చూసింది ఇదే.

మాట కుదరకపోతే గుడ్డనే చూపిద్దామని, తాత నేసిన రుమాల్ ఫోటో తీసి img2imgలో పెట్టాను. ఇక్కడ వాక్యం కట్టేసి ఒక అంకెను మాత్రమే మార్చాను. Denoising strength 0.3 దగ్గర అంచు నిలిచింది. 0.45 దగ్గర సగం చదునైంది. 0.6 దగ్గర మళ్లీ అచ్చు గుద్దింది.

దసరా సెలవులకు ఆ మూడూ, అసలు ఫోటో కలిపి కాగితం మీద ప్రింట్ తీసుకొని పోయాను. ఏది ఏదో చెప్పలేదు. అమ్మ కళ్లజోడు పెట్టుకొని వేలితో ఒక్కో ఏనుగునూ తడిమింది. 0.6ను పక్కకు నెట్టింది. 0.3, అసలు ఫోటో, ఈ రెండూ ఒకచోట పెట్టుకుంది. 0.45 దగ్గర ఆగింది.

"గీ ఏనుగు తొండం సక్కగున్నది. మీ తాత దాన్ల ఒక ముడి మర్శిండు. తొండం తెగుతది. గా తెగింది ఏమైంది?"

అసలు ఫోటో తీసి చూశాను. మూడో వరుస, రెండో ఏనుగు. తొండం మధ్యలో బియ్యం గింజంత ఎర్రటి చుక్క. అన్ని రోజులు ఆ గుడ్డను చూసి కూడా నేను గమనించలేదు. 0.3లో చుక్క మసగ్గా ఉంది. 0.45లో మోడల్ దాన్ని పూడ్చేసింది.

ఈ సంచిక ముఖచిత్రం ఆ ఫోటోనే. తొండం దగ్గర జూమ్ చేసి చూడండి.