దానంతటదే వచ్చే డబ్బు

మా బాబాయి ఆ సంక్రాంతికి ఊరు వెళ్లలేకపోయాడు. స్టేషన్ కౌంటర్లో వరుసలో నిలబడి తనకూ పిన్నికీ రెండు స్లీపర్ టికెట్లు తీసుకున్నాడు. రెండూ వెయిటింగ్ లిస్టు. చార్టు పడింది, పేర్లు రాలేదు. సరే, డబ్బులు వాటంతటవే వచ్చేస్తాయిలే అనుకుని టికెట్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పండగ వెళ్లిపోయి రెండు వారాలయ్యాక నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, రైలు డబ్బులు ఇంకా బ్యాంకులో పడలేదురా. మీ తమ్ముడికి మూడో రోజుకే పడ్డాయే!"

తమ్ముడిది ఫోన్లో తీసుకున్న టికెట్టు, బాబాయిది కౌంటర్లో నోట్లిచ్చి కొన్నది. ఒకే బండి, ఒకే తరగతి, ఇద్దరివీ వెయిటింగ్ లిస్టులే. అయినా ఒకరి డబ్బు తిరిగొచ్చింది, ఒకరిది రాలేదు. బాబాయిని ఎవరూ మోసం చేయలేదు. డబ్బు ఎప్పుడు దానంతటదే వస్తుందో, ఎప్పుడు మనం వెళ్లి అడగాలో ఆయనకు చెప్పినవాళ్లు లేరు, అంతే. ఆ రోజు ఆయనకు ఫోన్లో చెప్పలేక తడబడిన సంగతినే ఇక్కడ నింపాదిగా చెప్పాలనుకుంటున్నాను.

కౌంటర్లో డబ్బిచ్చి కొన్న టికెట్టుకు వెనక్కి వెళ్లే దారి లేదు. మన ఖాతా ఏదో ఆ కాగితానికి తెలియదు. అందుకే కాగితాన్ని తిరిగి చేతికిస్తేనే డబ్బు చేతికొస్తుంది. దానికీ ఒక గడువుంది. వెయిటింగ్ లిస్టు టికెట్టైనా, ఆర్‌ఏసీ టికెట్టైనా బండి బయల్దేరాల్సిన సమయానికి అరగంట ముందులోపు రద్దు చేసుకోవాలి. అది దాటితే పైసా రాదు. బండి ఆలస్యంగా నడుస్తోంది కదా, ఇంకా టైముందిలే అనుకోకూడదు. లెక్కలోకి వచ్చేది టైమ్ టేబుల్లో ఉన్న సమయమే.

ఫోన్లో కొన్న టికెట్టు అలా కాదు. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో దానికి తెలుసు. చార్టు పడేసరికి ఆ పీఎన్‌ఆర్ మీద ఉన్న అందరూ వెయిటింగ్ లిస్టులోనే మిగిలిపోతే, ఆ పేర్లన్నీ చార్టు నుంచి రాలిపోతాయి, టికెట్టు రద్దవుతుంది, డబ్బు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. మనం ఏ మీటా నొక్కక్కర్లేదు. తమ్ముడికి జరిగింది ఇదే. అయితే అలా రద్దయిన టికెట్టు పట్టుకుని బండెక్కితే మాత్రం టికెట్టు లేకుండా ఎక్కినట్టే లెక్క.

దానంతటదే వచ్చిన ఆ డబ్బు కూడా నిండుగా రాదు. తలకు 60 రూపాయలు క్లర్కేజీ కింద పోతాయి. 2015 నవంబరు 12న అమల్లోకి వచ్చిన నిబంధనల్లో ఈ మొత్తం 30 నుంచి 60కి పెరిగింది. ఇది టికెట్టుకు ఇంత అని కాదు, మనిషికి ఇంత అని. నలుగురున్న కుటుంబం సంగతి చూద్దాం. లెక్క తేలిక కోసం స్లీపర్ ఛార్జీ తలా 350 అనుకుంటే మొత్తం 1400 అవుతుంది. యూపీఐతో కడితే, ఏసీ కాని తరగతికి వెబ్‌సైటు సౌకర్య రుసుము 10 రూపాయలు, దానిమీద జీఎస్టీ కలిపి 11.80. అంటే చేతి నుంచి పోయింది 1411.80. ఎవరికీ బెర్తు రాలేదు. క్లర్కేజీ నలుగురికీ 240. తిరిగి వచ్చేది 1160. సౌకర్య రుసుము తిరిగి రాదు. మొత్తం మీద 251 రూపాయల 80 పైసలు పోయాయి. అది ఏసీ టికెట్టయితే క్లర్కేజీ మీద జీఎస్టీ కూడా పడుతుంది.

నాకు ఈ 240 దగ్గరే మనసు ఒప్పుకోదు. క్లర్కేజీ అనే పేరులోనే గుమాస్తా ఉన్నాడు. కౌంటర్లో కూర్చున్న మనిషి ఫారం చూసి, టికెట్టు ముద్రించి, మళ్లీ దాన్ని వెనక్కి తీసుకుని, డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. ఆ పనికి ఇంత అని తీసుకోవడం న్యాయమే. కానీ చార్టు పడ్డాక పేర్లు వాటంతటవే రాలిపోయిన టికెట్టును ఏ మనిషీ ముట్టుకోలేదు. ప్రయాణికుడు వద్దనలేదు, బెర్తు దొరకలేదు, అంతే. తన ఇష్టంతో మానుకున్నవాడి దగ్గర తీసుకునే రుసుమూ, చోటు దొరక్క మిగిలిపోయినవాడి దగ్గర తీసుకునే రుసుమూ ఒకటే కావడం సబబు కాదని నా గట్టి అభిప్రాయం. అది కూడా తలకొక్కంటికి! ఒకే పీఎన్‌ఆర్ రద్దుకు నాలుగుసార్లు రుసుమెందుకు?

ఇంత చిన్న మొత్తాల గురించి పట్టుబట్టినవాళ్లు ఉన్నారు. రాజస్థాన్‌లోని కోటాకు చెందిన ఒక ఇంజనీరు 2017 జులై 2న ఢిల్లీ వెళ్లడానికి ఏప్రిల్‌లోనే టికెట్టు కొన్నాడు. వెయిటింగ్ లిస్టు కావడంతో రద్దు చేసుకున్నాడు. కట్టింది 765. రద్దు కోత కింద 65 పోయి 700 రావాలి, కానీ 665 వచ్చింది. జీఎస్టీ రాకముందు వసూలు చేసిన సేవా పన్ను 35 రూపాయలు తిరిగి ఇవ్వలేదు. ఆయన సమాచార హక్కు దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టాడు. 2019లో 33 రూపాయలు వచ్చాయి. మిగిలిన 2 రూపాయల కోసం మరో మూడేళ్లు అడిగాడు. 2022లో అవీ వచ్చాయి. ఆయనలాగే కోత పడిన దాదాపు 3 లక్షల మందికి కూడా ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి ఆ పట్టుదలే కారణమైంది. తిరిగొచ్చిన డబ్బును కట్టిన డబ్బుతో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు కాబట్టే తేడా ఆయన కంటపడింది. మనమూ ఆ పని చేయాలి. క్లర్కేజీ, సౌకర్య రుసుము, ఏసీ అయితే పన్ను. వీటికి మించి వెయిటింగ్ లిస్టు టికెట్టులో కోత పడితే అడగాల్సిందే.

ఇంతకంటే ఎక్కువ డబ్బు పోయే చోటు ఇంకొకటుంది. అదే కుటుంబంలో నలుగురిలో ఇద్దరికి బెర్తులొచ్చి, ఇద్దరు వెయిటింగ్‌లో మిగిలారనుకుందాం. ఇప్పుడు ఫోన్ టికెట్టైనా దానంతటదే రద్దు కాదు. ఒక్కరికి చోటు దొరికినా, ఆఖరికి ఆర్‌ఏసీలో సగం బెర్తు దొరికినా, ఆ పీఎన్‌ఆర్ బతికే ఉంటుంది. వీళ్లు ప్రయాణం చేస్తారనే రైల్వే అనుకుంటుంది. ఇద్దరు పిల్లల్ని వదిలి పెద్దలెలా వెళ్తారని ఇంట్లో అందరూ ఆగిపోతారు. డబ్బు వచ్చేస్తుందని ఎదురుచూస్తారు. రాదు.

అక్కడ నిబంధన మనవైపే ఉంది. ఒకే టికెట్టు మీద కొందరికి చోటు దొరికి కొందరికి దొరకనప్పుడు అందరూ మానుకుంటే, బెర్తు ఖాయమైనవాళ్లకు కూడా క్లర్కేజీ మాత్రమే కోసి మిగతాది ఇవ్వాలి. మామూలుగా ఖాయమైన టికెట్టును చివరి గంటల్లో రద్దు చేస్తే ఏమీ మిగలదు. ఇక్కడ మాత్రం నలుగురికీ అవే 60 రూపాయలు, అదే 1160 వాపసు. షరతు ఒకటే, బండి సమయానికి అరగంట ముందులోపు మనం చెప్పాలి. చార్టు పడ్డాక వెబ్‌సైటులో రద్దు మీట పనిచేయదు. అప్పుడు టీడీఆర్ వేయాలి. టికెట్ డిపాజిట్ రసీదు అని దాని పూర్తి పేరు. టికెట్టు చరిత్రలో ఆ పీఎన్‌ఆర్ తెరిచి, కారణాల జాబితాలో కొందరికే బెర్తులొచ్చాయి, ఎవరూ ప్రయాణం చేయలేదు అన్న అర్థమిచ్చేదాన్ని ఎంచుకోవాలి. ఇదివరకు చార్టు బండికి నాలుగు గంటల ముందు పడేది. 2025 నుంచి దాన్ని ఇంకా ముందుకు జరిపారు కాబట్టి ఇప్పుడు ఆలోచించుకోవడానికి వ్యవధి ఎక్కువే ఉంటుంది.

ఇద్దరు వెళ్లి ఇద్దరు ఆగిపోతే మరో దారి. బండిలో టీటీఈ దగ్గర ఫలానా ఇద్దరు ప్రయాణించలేదని ధ్రువపత్రం రాయించుకుని, ఆ తర్వాత టీడీఆర్ వేయాలి. ఆ కాగితం లేకపోతే ఆగిపోయినవాళ్లు ఆగిపోయారని చెప్పే సాక్ష్యం ఉండదు. అందుకే రెండు కుటుంబాలు కలిసి వెళ్లేటప్పుడు, ఒకరికి దొరక్కపోయినా ఇంకొకరు వెళ్లేట్టయితే, టికెట్లు విడివిడిగా తీసుకోవడం మేలు. ఒకరికి బెర్తు దొరికినంత మాత్రాన ఇంకొకరి డబ్బు చిక్కుపడదు. కలిసే వెళ్తాం, లేకపోతే కలిసే మానుకుంటాం అనుకునేవాళ్లకు ఒకే టికెట్టు మంచిది.

తప్పు బండిదే అయినప్పుడు క్లర్కేజీ ఊసే ఉండదు. బండి పూర్తిగా రద్దయితే ఫోన్ టికెట్టుకు ఛార్జీ మొత్తం దానంతటదే వస్తుంది, టీడీఆర్ వేయక్కర్లేదు. కౌంటర్ టికెట్టైతే మూడు రోజుల్లోపు కౌంటర్‌కి వెళ్లాలి. మనం ఎక్కాల్సిన స్టేషన్లో బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, మనం ప్రయాణం మానుకుంటే అప్పుడూ మొత్తం ఛార్జీ ఇస్తారు. కానీ ఇది దానంతటదే రాదు. ఆ బండి మన స్టేషన్ వదిలేలోపు టీడీఆర్ వేసి తీరాలి. బండి రద్దయితే అందులో ఎవరూ వెళ్లలేదని రైల్వేకి తెలుసు. ఆలస్యమైతే మాత్రం మనం విసిగి ఇంటికి వెళ్లామో, ఓపిక పట్టి ఎక్కామో దానికి తెలియదు. మనమే చెప్పాలి.

మొత్తం సంగతి ఇంతే. మనం ప్రయాణం చేయలేదని మనం చెప్పకుండానే రైల్వేకి తెలిసి, డబ్బు ఎటు పంపాలో కూడా తెలిస్తే, అది దానంతటదే వస్తుంది. ఆ రెంటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా మనమే వెళ్లి అడగాలి, అదీ గడువులోపు. ఫోన్‌లో బాబాయికి నేను చెప్పలేకపోయిన మాట ఇదే. తర్వాత ఇంటికి వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన జేబులోంచి ఆ పాత టికెట్టు తీసి కాసేపు చూశాడు. "అయితే కౌంటర్లో కొన్నది స్టేషన్‌కి వెళ్లకుండా రద్దు చేసుకునే దారే లేదంటావా?" అన్నాడు.

ఉంది. రిజర్వేషన్ ఫారంలో మొబైల్ నంబరు రాసి ఉంటే చాలు. గడువులోపు ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులోనో 139కి ఫోన్ చేసో కౌంటర్ టికెట్టును రద్దు చేసుకోవచ్చు. ఆ నంబరుకు ఓటీపీ వస్తుంది. తర్వాత కౌంటర్‌కి వెళ్లి, కాగితం ఇచ్చి డబ్బు తీసుకోవాలి. ఆ ఫారంలో బాబాయి నంబరు గడి ఖాళీగా వదిలేశాడట. ఎవరెవరో ఫోన్లు చేస్తారని భయం.

ఉగాదికి మళ్లీ టికెట్లు తీసుకోవడానికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. పేర్లు, వయసులు, బండి నంబరు రాశాక, ఆ గడి దగ్గర కళ్లజోడు సర్దుకుని పది అంకెలూ విడివిడిగా, గుండ్రంగా రాశాడు. కౌంటర్లో అమ్మాయి తప్పు చదవకూడదని ఏడును ఒకసారి దిద్దాడు కూడా.