అమ్మ ఫోన్ టైము

నా మాస్టర్స్ థీసిస్‌కి మొదట పెట్టిన పేరు చాలా గంభీరంగా ఉండేది: ‘ఆన్‌లైన్ చదువు విదేశీ విద్యార్థుల ఒంటరితనాన్ని పెంచుతుందా?’ 2020లో నేను అమెరికా తూర్పు తీరంలో ఎడ్యుకేషన్ చదువుతున్నాను. చుట్టూ గది దాటకుండా క్లాసులు వింటున్న తెలుగు పిల్లలు. టాపిక్ కోసం వెతుక్కోవాల్సిన పనే లేదనుకున్నాను.

మా గైడ్ చదివి ఒక్క మాట అడిగారు. ‘దేంతో పోల్చి?’

నా దగ్గర జవాబు లేదు. ఆ మార్చి నుంచి ఇండియాకి మామూలు విమానాలు ఆగిపోయాయి. జూలై 6న అమెరికా ప్రభుత్వం, క్లాసులన్నీ ఆన్‌లైన్లో ఉన్న ఎఫ్-1 వీసా విద్యార్థులు దేశంలో ఉండకూడదంది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కితే 14న వెనక్కి తగ్గింది. ఆ ఎనిమిది రోజులు కంటిమీద కునుకు లేని కుర్రాణ్ణి పట్టుకుని ‘ఆన్‌లైన్ క్లాసులతో ఎలా ఉంది నీకు?’ అంటే, వాడు చెప్పే దిగులులో క్లాసు వాటా ఎంత, వీసా వాటా ఎంత?

అందుకని చిన్న ప్రశ్న పట్టుకున్నాను. క్లాసు గదిలోకే వచ్చేశాక ఇంటినుంచి వచ్చే ఫోన్లు ఏమయ్యాయి? ఒప్పుకున్నవాళ్ళ చేత అక్టోబర్ 25 నుంచి నవంబర్ 7 దాకా రోజూ పడుకునే ముందు డైరీ రాయించాను. ఎవరితో మాట్లాడారు, ఎన్నింటికి, ఎన్ని నిమిషాలు. మొదటిరోజూ చివరిరోజూ ఒంటరితనం కొలిచే మూడు ప్రశ్నల చిన్న కొలబద్ద. తోడు లేదనిపిస్తోందా, పక్కన పెట్టేశారనిపిస్తోందా, అందరికీ దూరమయ్యాననిపిస్తోందా? ఒక్కోదానికి 1 నుంచి 3. మొత్తం 3 వస్తే హాయిగా ఉన్నట్టు, 9 వస్తే బాధగా ఉన్నట్టు.

ఖమ్మం కుర్రాడొకడి డైరీ చూసి ఎగిరి గంతేశాను. మొదటి వారం వాళ్ళమ్మతో రోజూ ఇరవై నిమిషాలకి తగ్గలేదు. రెండో వారం నాలుగు, మూడు, అయిదు నిమిషాలు. ఆన్‌లైన్ చదువు పిల్లల్ని ఇంటికి దూరం చేస్తోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పేరా కూడా రాసేశాను.

కానీ వాడి కొలబద్ద అంకె మొదటా 4, చివరా 4. అది నన్ను గుచ్చింది. ఫోన్ చేసి అడిగాను.

‘టైం మారింది కదక్కా’ అన్నాడు.

నవంబర్ 1న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇండియాలో తిప్పరు. తొమ్మిదిన్నర గంటల తేడా పదిన్నరైంది. వాళ్ళమ్మ రాత్రి 9కి పని ముగించుకుని ఫోన్ చేస్తుంది. అక్టోబర్‌లో అది వీడికి పొద్దున 11:30. పదింటి క్లాసు 11:20కే అయిపోయేది. నవంబర్‌లో అదే ఫోన్ 10:30కి, సరిగ్గా క్లాసు మధ్యలో మోగింది.

‘మరి ఎత్తుతున్నావుగా?’

‘కెమెరా ఆపేసి, మ్యూట్ పెట్టి. ఒక చెవిలో సారు, ఒక చెవిలో అమ్మ. తిన్నావా నాన్నా అంటుంది, తిన్నానంటాను.’

మామూలు క్లాసులో కూర్చుని ఉంటే ఆ ఫోన్ ఎత్తేవాడే కాదు. నా డైరీలో ఆ గడి ఖాళీగా ఉండేది. నేను దూరమనుకున్న ఆ నాలుగు నిమిషాలు ఆన్‌లైన్ క్లాసు పుణ్యమాని దక్కినవి. అలాగని లాభమని కూడా రాయలేకపోయాను. ఆ నాలుగు నిమిషాల్లో పాఠమూ పోయింది, అమ్మ మాటా సగమే వినబడింది.

అప్పుడు మిగతా పట్టికని మళ్ళీ తెరిచాను. ఫోన్లు పెరిగితే ఒంటరితనం తగ్గుతుందని ముందే మనసులో రాసిపెట్టుకున్నాను. కానీ దిగులుగా ఉన్నవాళ్ళలో కొందరు రోజుకి మూడుసార్లు ఇంటికి చేస్తారు. కొందరు గొంతులో తేడా అమ్మ పట్టేస్తుందని రెండురోజులు చెయ్యనే చెయ్యరు. ఇద్దర్నీ ఒకే నిలువు వరసలో పోస్తే ఒకరి లెక్కని ఇంకొకరు కొట్టేస్తారు. ఫోన్లకీ దిగులుకీ సంబంధమే లేదన్నట్టు సున్నాకి దగ్గరగా ఓ అంకె తేలుతుంది. దాన్ని చూసి థీసిస్‌లో ‘ప్రభావం కనబడలేదు’ అని రాసేసేదాన్నే.

డైరీలో రెండు గడులు చేర్చాను. ఫోన్ ఎవరు చేశారు? అప్పుడు క్లాసు నడుస్తోందా? ‘పెంచుతుందా’ అన్న మాట థీసిస్ పేరులోంచి తీసేశాను. ఆ కొద్దిమందితో, రెండే వారాల్లో, అదీ ఆ ఏడాదిలో, దేనివల్ల ఏది జరిగిందో చెప్పే హక్కు నాకు లేదు.

ఆ రోజు ఫోన్ పెట్టేసేముందు అడిగాను, టైం మారిందని అమ్మకి చెప్పొచ్చుగా అని.

‘చెప్తే పదింటిదాకా మేలుకుని కూర్చుంటుందక్కా. తెల్లారి నాలుగింటికే లేస్తుంది.’