మాసిపోయిన బిల్లు, మిగిలిన పన్ను

నిరుడు మా వదిన హనుమకొండలో నా కోసం మిక్సీ కొని, ఘన్‌పూర్‌కు బస్సులో మోసుకొచ్చారు. డబ్బులు పంట చేతికొచ్చాక ఇస్తానన్నాను. బిల్లును ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రిజ్ మీద పడేశాను. ఆ కాగితం మీద సిరా ఉండదు, వేడి తగిలి నల్లబడే పూత ఉంటుంది. ఎండ, నూనె చేయి, ప్లాస్టిక్ కవరు దాన్ని చెరిపేస్తాయి.

మొన్న తీసి చూస్తే మొత్తం దగ్గర మూడు, ఏదో అంకె, తొంభై నాలుగు. వదిన 3,894 అన్నారు. నాకేమో 3,394 అని గుర్తు. అయిదు వందల దగ్గర ఇద్దరం మూగబోయాం.

కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే సీజీఎస్టీ 9% పక్కన 297.00 కనిపించింది. ఎస్‌జీఎస్టీ కూడా అంతే ఉంటుంది. 297ను 9తో భాగించి 100తో గుణిస్తే పన్నుకు ముందు ధర 3,300. రెండు పన్నులు 594 కలిపితే 3,894. నా లెక్కే నిజమైతే సీజీఎస్టీ సుమారు 259 ఉండాలి.

297 కూడా నేను తప్పు చదివానేమో? అందుకే వస్తువులు చూశాను. మిక్సీ 2,800. జార్ పక్కన 5 మాత్రమే మిగిలింది. 3,300లోంచి 2,800 తీస్తే 500. సరిపోయింది.

ధరల్లోనే పన్ను కలిసి ఉన్న బిల్లయితే వస్తువుల కూడికే మొత్తం, పన్ను మళ్లీ కలపకూడదు.

"జార్ సంగతి మర్చిపోయాను వదినా" అని డబ్బులు చేతిలో పెట్టాను. ఇప్పుడు బిల్లు రాగానే ఫోటో తీస్తున్నాను.